16 నుంచి రేటు మారితే నెల పాలబిల్లు ఎలా కట్టాలి?

"పర్లాకిమిడిలో ఉంటాం. జూలై కేలండర్ ఫొటో పెట్టాను. 15 దాకా లీటరు 56, 16 నుంచి 60. పాలబ్బాయి 1770 అంటున్నాడు, సరేనా?"

సరికాదండీ, 1710 ఇవ్వాలి. ఫొటో పెద్దది చేసి గడి గడీ చూశాను.

ముందు 15, 16 గళ్ల మధ్య గీత గీసి, రెండు ముక్కలూ విడివిడిగా లెక్కపెట్టాలి. మొదటి ముక్కలో 12 రోజులు లీటరు, 2 రోజులు లీటరున్నర, 1 ఇంటూ. గళ్లు మొత్తం 15 వచ్చాయి కనక ఏదీ వదిలిపోలేదు. పాలు 15 లీటర్లు, 840 రూపాయలు. రెండోదాంట్లో 13 రోజులు లీటరు, 1 రోజు లీటరున్నర, 2 ఇంటూలు. గళ్లు 16. పాలు 14.5 లీటర్లు, 870 రూపాయలు.

అతను మొత్తం 29.5 లీటర్లనూ 60తో గుణించేశాడు. తేడా 60 వచ్చింది చూడండి, అది పాత రేటు 15 లీటర్ల మీద నాలుగేసి రూపాయలే. ఇలా చూపిస్తే అతనికీ వెంటనే అర్థమవుతుంది, పాపం మోసమనుకోకండి.

ఒక్క అనుమానం: 22వ గడిలో ఫ్లాష్ వెలుగు పడింది. నేను లీటరుగా తీసుకున్నాను. గోడమీద కేలండర్లో అక్కడ ఇంటూ ఉంటే ఇంకో 60 తగ్గించండి.