ఉదాహరణా? తాత్పర్యమా?

ప్రశ్న: పద్యంలోని చిన్న చిన్న ముక్కలు ఎత్తి చూపుతూ వ్యాసం రాస్తే, చివరికి అది తాత్పర్యమే అవుతోంది. ‘ఇది కథ చెప్పడం, విశ్లేషణ కాదు’ అని మా సార్ తిప్పికొట్టారు. ఎంత ముక్క తీసుకోవాలి?
— ఎం.ఏ. విద్యార్థిని, ప్రొద్దుటూరు

సమాధానం: ముక్క పొడవు తర్వాతి సంగతి, అది ఏ మాటకు సాక్ష్యమో ముందు తేలాలి. పోతన ‘లావొక్కింతయు లేదు’ పద్యమే చూడండి. (ఒంటిమిట్టా, బమ్మెరా అన్న తగవు ఇప్పుడు వద్దు, పద్యం చాలు.) పిల్లలు ఇలా రాస్తారు: “గజేంద్రుడు ‘లావొక్కింతయు లేదు’ అని బలం పోయిందన్నాడు. ‘ధైర్యము విలోలంబయ్యె’ అని ధైర్యం సడలిందన్నాడు. ‘మూర్ఛ వచ్చె’ అని...” వాక్యాలు పద్యం వరసలోనే నడుస్తున్నాయి, ప్రతిదీ ‘అన్నాడు’తో ముగుస్తోంది. కొటేషన్లు తీసేసినా పేరాకు నష్టం లేదు. అదే తాత్పర్యమనడానికి గుర్తు.

ఇప్పుడు ఒక ప్రతిపాదనతో మొదలుపెట్టండి: ఈ మొరలో ‘నేను’ దాదాపు కనిపించదు. మొదటి రెండు పాదాల్లో కర్తలు లావు, ధైర్యము, ప్రాణంబులు, మూర్ఛ, తనువు, శ్రమ. ఏనుగు ఒక్క క్రియకూ కర్త కాదు. ఉత్తమపురుష క్రియ పద్యం మొత్తానికి ఒక్కటే, మూడో పాదంలోని ‘ఎరుగ’. అదీ వ్యతిరేకార్థకం, ‘నీవే తప్ప’ తర్వాతే వచ్చింది. వెంటనే ఆ నేను ‘దీనునిన్’ అని కర్మగా మారిపోతుంది. చివరి పాదంలోని ‘రావే’, ‘కావవే’, ‘సంరక్షింపు’ మూడింటికీ కర్త ఈశ్వరుడే. పోతన ఎంత నేర్పుగా పనిచేయించాడో చూడండి! ఇక్కడ ‘ఎరుగ’ అన్న ఒక్క మాట తీసేస్తే వాదమే కూలిపోతుంది. ఉదాహరణకు ఆ బరువుండాలి.

అయితే ఒక ఆక్షేపణకు జవాబు చెప్పుకోవాలి. మనం మామూలుగానే ‘మూర్ఛ వచ్చింది’, ‘జ్వరం వచ్చింది’ అంటాం. అది తెలుగు నుడికారం, పోతన ఒక్కడి సొత్తు కాదు. నిజమే. కానీ మనం ‘నాకు’ అని చేరుస్తాం. ఈ రెండు పాదాల్లో ‘నాకు’ లేదు, ‘నా’ లేదు. ఛందస్సు ఇరుకు వల్ల జారిపోయిందని ఎవరైనా అంటే పూర్తిగా కొట్టిపారేయలేను. వ్యాసంలో ఆ మాట కూడా రాయండి.

సంధి దగ్గర జాగ్రత్త. పద్యంలో ఉన్నది ‘నితఃపరం బెరుగ’. అర్థం చర్చిస్తే నేను పైన చేసినట్టు ‘ఎరుగ’ అని విడదీయవచ్చు. యతిప్రాసలు చర్చిస్తే ఉన్నదున్నట్టే ఉంచాలి. విడదీయడం అసలు కూడదనే పెద్దలూ ఉన్నారు, వారితో నాకు పేచీ లేదు.

పొడవంటారా, రెండు మూడు పదాలు చాలు. నడక గురించి రాస్తే పాదమంతా ఇవ్వక తప్పదు. ‘కవి ఎంతో అద్భుతంగా వర్ణించాడు’ అన్న అరిగిపోయిన వాక్యాన్ని మాత్రం దయచేసి కొట్టేయండి. సాక్ష్యం చూపలేని చోటే అది దూరుతోంది, ఈ మధ్య పరిశోధన గ్రంథాల్లోనూ పేజీకొకటి కనిపిస్తోంది.