ముందు ఒక నెల సందేశాలు లెక్కపెట్టండి

ప్రశ్న: మా మేనేజరు రాత్రి పదకొండింటికీ, ఆదివారాల్లోనూ వాట్సాప్‌లో పని సందేశాలు పెడుతుంటారు. ఆయన నొచ్చుకోకుండా మానమని ఎలా అడగాలి?

జవాబు: నేను విజయనగరంలో ఉంటూ పైడిభీమవరం వైపు ఒక మందుల కర్మాగారంలో స్టోర్స్ చూస్తున్నాను. నాకూ ఇదే ఇబ్బంది వచ్చింది. చేతిలో లెక్క లేకుండా మాత్రం ఆయన దగ్గరకు వెళ్లకండి.

రెండేళ్ల కిందట మాఘమాసంలో ఒక ఆదివారం అమ్మను అరసవల్లి తీసుకెళ్లాను. మాఘ ఆదివారం అక్కడి క్యూ ఎలా ఉంటుందో మన వైపు వాళ్లకు తెలుసు. సగం దూరం వెళ్లేసరికి మేనేజరు దగ్గర నుంచి వరుసగా నాలుగు సందేశాలు వచ్చాయి. ఫలానా ద్రావకం డ్రమ్ములు ఎన్ని ఉన్నాయి, రావలసిన లోడు ఎక్కడుంది అని. క్యూలోంచి బయటికి వచ్చి, షిఫ్టులో ఉన్న కుర్రవాడికి ఫోను చేసి, డ్రమ్ములు లెక్కపెట్టించి పంపాను. ఈలోగా డెబ్భై ఏళ్ల అమ్మ ఒక్కతే దర్శనం చేసుకుని వచ్చి మెట్ల పక్కన కూర్చుంది. ఆ లెక్క మంగళవారం సమావేశానికని సోమవారం తెలిసింది.

ఆ కోపంలోనే వెళ్లి అడిగి ఉంటే గొడవ అయ్యేది. అందుకని ఆ రాత్రి ఫోనులో నెల రోజుల వెనక్కి వెళ్లి, రాత్రి ఎనిమిది దాటాకా ఆదివారాల్లోనూ వచ్చిన సందేశాలన్నీ కాగితం మీద రాశాను. మొత్తం 52. అప్పటికప్పుడు జవాబు కావలసినవి నాలుగే. గేటు దగ్గర ట్యాంకరు ఆగిపోవడం, శీతల గదిలో ఉష్ణోగ్రత పెరగడం లాంటివి అవి. ఉదయం చూసుకోదగినవి 31. మిగతా 17 ప్రశ్నలకు నేను సాయంత్రం మెయిల్లో పంపే స్టాకు పట్టికలోనే జవాబు ఉంది. ఆ పట్టిక ఆయన ఫోనులో సరిగ్గా తెరుచుకోదు, కాబట్టి నన్ను అడుగుతున్నారు. ఇది నాకు అప్పటిదాకా తట్టలేదు.

బుధవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లాను. గ్రూపులో పెట్టకండి, సందేశంగా రాయకండి. చదివేవాళ్లకు అందులో మీ గొంతు వినిపించదు. నేనన్న మాటలు ఇవి: "సార్, రాత్రి మీరు అడిగేవాటిలో చాలావరకు సాయంత్రం ఆరింటికే అయిదు వరుసల్లో వాట్సాప్‌లో పంపేస్తాను. నిజంగా ఆగలేనిది ఏదైనా ఉంటే ఫోను చేయండి, ఏ వేళైనా ఎత్తుతాను. మిగతావాటికి ఉదయం ఎనిమిదికల్లా జవాబు ఇస్తాను. ఆదివారం మాత్రం ఇంట్లోవాళ్లకు వదిలేయండి." కాగితం కూడా చూపించాను. అమ్మ సంగతి ఎత్తలేదు. ఎత్తితే అది నింద అవుతుంది.

ఆయన కాగితం చూసి, "గుర్తొచ్చినప్పుడు పెట్టకపోతే మర్చిపోతాను. వెంటనే చెప్పమని నేను అనలేదు కదా" అన్నారు. నిజమే, అనలేదు. ఆ అలవాటు చేసింది మా గ్రూపే. రాత్రి పదకొండున్నరకు ఒకరు "సరే సార్" అంటే, పడుకున్న పది మందీ లేచి అదే మాట పెట్టాలి. పెట్టనివాడు పని చేయనివాడు అయిపోతాడు. ఈ "సరే సార్" పోటీ ఆగకుండా ఏ మేనేజరూ మారరని నా గట్టి నమ్మకం. గుర్తొచ్చింది తన నంబరుకే పంపుకునే వీలు వాట్సాప్‌లో ఉందని ఆయనకు చూపించాను. ఇప్పుడు అక్కడ రాసుకుని, ఉదయం నాకు పంపుతున్నారు.

ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పనివేళలు దాటాక వచ్చే సందేశాలకు జవాబివ్వకుండా ఉండే హక్కుకు చట్టం ఉంది. మన లోక్‌సభలో 2018లో ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. కాబట్టి చట్టం పేరెత్తి మాట్లాడకండి. మన చేతిలో ఉన్నది ఆ కాగితం, ఆరింటి సందేశం.

మూడో వారంలో మళ్లీ రాత్రి సందేశాలు మొదలయ్యాయి. అక్కడే చాలామంది జారిపోతారు. నేను తెరవలేదు. ఉదయం ఎనిమిదికి, చెప్పిన వేళకే, పూర్తి జవాబు ఇచ్చాను. ఒక శనివారం రాత్రి ఆయన ఫోను చేస్తే మొదటి రింగుకే ఎత్తాను. ఆ రోజు నిజంగానే ట్యాంకరు గేటు దగ్గర ఉంది. రాత్రి సందేశాలు తగ్గింది ఆ తర్వాతే. నెలాఖరు స్టాకు లెక్కల మూడు రోజులు మాత్రం పాత పద్ధతే, దాన్ని మార్చమని నేను అడగలేదు. మొన్న మాఘంలో అమ్మతోపాటే దర్శనం చేసుకున్నాను.