అంకణా సరిపోయిందంటే ఒక్క సంగతే తేలుతుంది

ప్రశ్న: బీకాం మొదటి సంవత్సరం చదువుతున్నాను. అంకణా, అంటే ట్రయల్ బ్యాలెన్స్, ఎలా తయారుచేస్తారు? రెండు వైపులా మొత్తం సరిపోతే లెక్కలన్నీ సరిగ్గా ఉన్నట్టేనా? అందులో బయటపడని తప్పులు ఏమిటి?

సరిగ్గా ఉన్నట్టు కానే కాదు. ఎంత డెబిట్ రాశారో అంతే క్రెడిట్ రాశారని మాత్రమే అంకణా చెబుతుంది. ఎవరి ఖాతాలో రాశారు, ఏ ఖాతాలో రాశారు, అసలు రాశారా లేదా అన్నది దానికి తెలియదు. చాలా ఏళ్లుగా చిన్న వ్యాపారుల పద్దులు చూస్తున్నాను. కూడికల్లో దొర్లిన తప్పు వల్ల దుకాణం నష్టపోవడం నేను దాదాపు చూడలేదు. దెబ్బ తగిలేది ఎప్పుడూ సరిపోయిన అంకణా చాటున ఉన్న తప్పువల్లే.

గుంటూరులో వ్యవసాయ మోటార్లు, పైపులు అమ్మే ఒక దుకాణం సంగతి చెబుతాను. మార్చి నెలాఖరుకు అక్కడి గుమాస్తా చేతిరాతతో అంకణా వేశాడు. పద్ధతి అంతా సరైనదే. బిల్లులు, రసీదులు రోజువారీ పద్దుల పుస్తకమైన చిట్టాలోకి ఎక్కాయి, అక్కడి నుంచి ఖాతాల పుస్తకమైన ఆవర్జాలో ఎవరి ఖాతాకు వాళ్ల పద్దు చేరింది. తర్వాత ఒక్కో ఖాతా తీసుకుని రెండు వైపులా విడివిడిగా కూడాడు. పెద్ద మొత్తం నుంచి చిన్న మొత్తం తీసేస్తే మిగిలేదే నిల్వ. డెబిట్ వైపు బరువుంటే డెబిట్ నిల్వ, క్రెడిట్ వైపు బరువుంటే క్రెడిట్ నిల్వ. రెండూ సమానమైన ఖాతాను వదిలేశాడు. మిగిలిన నిల్వలన్నీ మార్చి 31 తేదీ వేసి ఒక కాగితం మీదికి ఎక్కించాడు.

అంకెలు గుర్తుంచుకోవడానికి వీలుగా గుండ్రం చేసి చెబుతున్నాను. డెబిట్ వైపు నగదు 40,000, బ్యాంకు 1,10,000, రావలసిన బాకీలు 2,50,000, ప్రారంభపు సరుకు 1,50,000, కొనుగోళ్లు 9,00,000, అద్దె 60,000, మరమ్మతులు 90,000, ఫర్నిచర్ 1,00,000. క్రెడిట్ వైపు యజమాని మూలధనం 4,00,000, ఇవ్వవలసిన బాకీలు 2,00,000, అమ్మకాలు 11,00,000. రెండు వైపులా 17,00,000. ఒక్క రూపాయి తేడా లేదు. ముగింపు సరుకు 2,10,000 ఈ కాగితంలో ఉండదు, ఎందుకంటే దానికి ఇంకా ఆవర్జాలో ఖాతా లేదు. ప్రతి ఏడూ విద్యార్థులు దాన్ని తెచ్చి డెబిట్ వైపు కలిపేసి, మొత్తాలు కలవలేదని రాత్రంతా వెతుకుతుంటారు. మీరు ఆ పని చేయకండి.

ఆ వారంలోనే బాకీల వసూలు మొదలైంది. తెనాలి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. 25,000 కట్టాలని దుకాణం నుంచి ఫోను వెళ్లింది. ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన రసీదు తీసి బల్ల మీద పెట్టి, "మిరపకాయలు అమ్మిన రోజే కట్టాను బాబూ, మీ సంతకమేగా ఇది?" అన్నారు. గుమాస్తా అంకణా చూపించి, "రెండు వైపులా సరిపోయింది బాబాయి గారూ, లెక్కలో తప్పుండదు" అన్నాడు. ఆ మాట విని నాకు కోపం వచ్చింది. చేతిలో రసీదు ఉన్న మనిషి ముందు అంకణా సాక్ష్యం చెల్లదు. రసీదు పుస్తకం తెప్పించి ఆ తేదీ వెతికాం. డబ్బు వచ్చింది, నగదులో డెబిట్ కూడా పడింది. క్రెడిట్ మాత్రం అదే పేరు, అదే ఇంటిపేరు ఉన్న పొన్నూరు రైతు ఖాతాలో పడింది. ఒకరి బాకీ 25,000 ఎక్కువ, ఇంకొకరిది 25,000 తక్కువ. రావలసిన బాకీల మొత్తం అదే 2,50,000. అంకణాకు ఇక తేడా ఎక్కడి నుంచి వస్తుంది? బాకీ తగ్గిన రైతు అడగడానికి రాడు, రానక్కరలేదు కూడా. అందుకే నేను ప్రతి దుకాణంలోనూ పేరు పక్కన ఊరు, తండ్రి పేరు, ఫోను నంబరు రాయమని పట్టుబడతాను. మన ఊళ్లలో ఒకే పేరు ఉన్నవాళ్లు ఎంతమందో లెక్కే లేదు. పాఠ్యపుస్తకాలు మాత్రం ఇప్పటికీ రాముడు, సోముడు అని రెండు పేర్లతో సరిపెడతాయి.

ఆ రోజు అంతటితో ఆగకుండా మిగతావీ తిరగేశాం. సరుకు పంపిన ఒక కంపెనీ తన వైపు ఖాతా నకలు పంపితే అందులో 36,000 బిల్లు ఒకటి మన పుస్తకాల్లో లేదు. పైపులు గోదాములోకి వచ్చాయి, లెక్కపెట్టిన ముగింపు సరుకులోనూ ఉన్నాయి, బిల్లు మాత్రం లారీ కాగితాల్లో ఉండిపోయింది. డెబిటూ లేదు, క్రెడిటూ లేదు. రెండు వైపులా లేనిదాన్ని అంకణా ఎలా చూపుతుంది? ఇప్పుడైతే జీఎస్టీ పోర్టల్‌లో GSTR-2B అనే నివేదిక తీసి కొనుగోళ్ల పుస్తకంతో పోల్చితే, అమ్మినవాళ్లు దాఖలు చేసిన బిల్లుల్లో మనం రాయనివి బయటపడతాయి. నెలనెలా ఆ పని చేయని దుకాణాలను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

మూడోది మరమ్మతుల ఖాతా. ఒక దుకాణానికి 90,000 మరమ్మతులా అని వరుసగా చదివితే, 75,000 కొత్త ఇనుప ర్యాకులకు ఇచ్చినది. ఏళ్ల తరబడి వాడుకునే ఆస్తిని ఆ ఏటి ఖర్చుగా రాసేశారు. ఫర్నిచర్ అయినా మరమ్మతులు అయినా డెబిట్టే కాబట్టి అంకణా కదలలేదు. దీన్ని పట్టుకోవడానికి కూడికలు పనికిరావు, ఖాతాలో ఒక్కో పద్దూ చదవాలి, నిరుటితో పోల్చాలి.

లాభం సంగతి చూడండి. అమ్మకాలకు ముగింపు సరుకు కలిపి, ప్రారంభపు సరుకు, కొనుగోళ్లు, అద్దె, మరమ్మతులు తీసేస్తే ముందు వేసిన లెక్కలో లాభం 1,10,000. రాయని కొనుగోలు వల్ల అది 36,000 తగ్గాలి, ర్యాకుల వల్ల 75,000 పెరగాలి. సరైన లాభం 1,49,000, ఇందులో ర్యాకుల తరుగుదల ఇంకా తీయాలి. దిద్దిన తర్వాత అంకణా 17,36,000 దగ్గర మళ్లీ సరిపోయింది. తప్పులతోనూ సరిపోయింది, తప్పులు లేకుండానూ సరిపోయింది.

బిల్లు మీద 5,400 ఉంటే చిట్టాలోనే 4,500 అని రాసినా ఇంతే, రెండు ఖాతాలకూ అదే తప్పు అంకె వెళుతుంది. ఆవర్జాలో ఒక్క వైపే అలా తారుమారైతే మాత్రం 900 తేడా వస్తుంది. తేడా తొమ్మిదితో భాగమైతే ముందు తారుమారైన అంకెల కోసం వెతకండి. కానీ రెండు వేర్వేరు తప్పులు, ఒకటి డెబిట్‌ను పెంచి మరొకటి క్రెడిట్‌ను అంతే పెంచితే అదీ కనిపించదు.

టాలీ సాఫ్ట్‌వేర్‌లో చేస్తే తప్పులు రావని కొందరు అంటారు. డెబిట్, క్రెడిట్ సమానం కాకపోతే వోచరునే అది తీసుకోదు, కాబట్టి అందులో అంకణా ఎప్పుడూ సరిపోతుంది. ప్రారంభ నిల్వలు తప్పుగా ఎక్కిస్తే Difference in opening balances అని ఒక వరుస వస్తుంది, అంతే. పొన్నూరు రైతు ఖాతాను ఎంచుకుంటే టాలీ కూడా పొన్నూరు రైతు ఖాతాలోనే వేస్తుంది.

పరీక్షలో మీకు పనికొచ్చేది ఒకటుంది. అంకణాలో కనిపించని ఇలాంటి తప్పులను దిద్దేటప్పుడు, తేడాను తాత్కాలికంగా ఉంచే అనామతు ఖాతాను తీసుకురాకండి. ఒక్క వైపే తప్పుపడి మొత్తాలు కలవనప్పుడే దాని అవసరం. పైన చెప్పిన మూడింటికీ రెండు వైపులా అసలు ఖాతాలే వస్తాయి: పొన్నూరు రైతుకు 25,000 డెబిట్, తెనాలి రైతుకు క్రెడిట్, కొనుగోళ్లకు 36,000 డెబిట్, కంపెనీకి క్రెడిట్, ఫర్నిచర్‌కు 75,000 డెబిట్, మరమ్మతులకు క్రెడిట్.