‘సరి బహుపది’లో ‘సరి’ దేనికి?

సందేహం: మా అబ్బాయి పీయూసీ చదువుతున్నాడు. వాడికి తెలుగులో చెబుతూ, x² − 2x + 1 సరి బహుపది, పరిమాణం 2 కదా అన్నాను. కాదమ్మా అన్నాడు. గ్రాఫ్ కూడా రెండు వైపులా ఒకేలా ఉంది మరి! ‘సరి’ దేనికి వర్తిస్తుంది? పనిలో పనిగా, సౌష్టవమా, సౌష్ఠవమా?
– ఒక పాఠకురాలు, జయనగర్, బెంగళూరు

సమాధానం: మీ అబ్బాయి చెప్పిందే సరైనదమ్మా. చిక్కంతా సమాసంలో ఉంది. పెరుగన్నం అంటే పెరుగు కలిపిన అన్నం, మధ్యలో ఉన్న ‘కలిపిన’ జారిపోయింది. సరి బహుపది కూడా అలాంటిదే, ‘సరి ఘాతాలు మాత్రమే ఉన్న బహుపది’ అని విడదీసుకోవాలి. మీరు దాన్ని ‘సరి పరిమాణం ఉన్న బహుపది’ అని విడదీశారు. పరిమాణం అంటే అన్నిటికన్నా పెద్ద ఘాతం, అదొక్కటే సరి అయితే చాలదు, ప్రతి పదంలోనూ ఘాతం సరిసంఖ్యే కావాలి. మీ బహుపదిలో −2x ఉంది, దాని ఘాతం 1, అది బేసి.

ఎందుకు కావాలో చూద్దాం. x బదులు −x పెడితే సరి ఘాతంలో మైనస్‌లు జంటలు జంటలుగా కొట్టుకుపోతాయి, పదం మారదు. బేసి ఘాతంలో ఒక మైనస్ జంట లేకుండా మిగిలిపోతుంది, పదం గుర్తు తిరగబడుతుంది. మీ బహుపదిలో x = 3 పెడితే 4 వస్తుంది, x = −3 పెడితే 16. ఈ 12 తేడా మొత్తం ఆ ఒక్క −2x తెచ్చిందే, x², 1 రెండు చోట్లా ఒకేలా ఉన్నాయి.

మరి రెండు బేసి పదాలుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకోవా అని అడగొచ్చు. ఒకటి రెండు చోట్ల కొట్టేసుకుంటాయి, చాలామంది పిల్లలు అక్కడే మోసపోతారు. x⁴ + x³ − x తీసుకోండి. x = 1 దగ్గర విలువ 1, x = −1 దగ్గర కూడా 1, ఇంకేం సరి బహుపదే అనిపిస్తుంది. కానీ 2 దగ్గర 22, −2 దగ్గర 10! x³ − x అనేది −1, 0, 1 దగ్గర మాత్రమే సున్నా అవుతుంది. ఏ బహుపదైనా, గుణకాలన్నీ సున్నాలైతే తప్ప, తన పరిమాణాన్ని మించినన్ని చోట్ల సున్నా కాలేదు కాబట్టి బేసి పదాలు అన్ని చోట్లా కొట్టేసుకోవడం జరగని పని. అందుకే ఒక్క అంకె వేసి చూసి తేల్చకూడదు, ఘాతాలు చూడాలి, లేదా f(−x) పూర్తిగా రాసి f(x)తో పోల్చాలి.

ఇక మీ గ్రాఫ్ సంగతి. మీ కళ్ళు తప్పు చూడలేదు, అది (x − 1)², కాగితాన్ని x = 1 గీత మీద మడిస్తే రెండు సగాలూ అచ్చంగా కలుస్తాయి. ఏ వర్గ బహుపదికైనా ఇలాంటి మడత గీత ఒకటి ఉంటుంది. కానీ ‘సరి’ అనాలంటే ఆ మడత Y-అక్షం మీదే పడాలి. x⁴ − 2x² గ్రాఫ్ గీసి Y-అక్షం మీద మడిచి, కాగితాన్ని కిటికీ వెలుగుకి పెట్టి చూడండి, ఒక గీత మీద ఇంకో గీత పడుతుంది. అదే x³ − 4x అయితే మడిస్తే కలవదు, కాగితాన్ని తలకిందులుగా తిప్పితే మాత్రం గీత ఎప్పట్లాగే కనిపిస్తుంది, ఎందుకంటే 1 దగ్గర −3 ఉంటే −1 దగ్గర 3 ఉంది. ఇది బేసి బహుపది, మూలబిందువు గుండానే పోతుంది. దానికి 1 కలిపి చూడండి, బేసితనం పోతుంది. ఆ 1 అంటే x⁰, సున్నా సరిసంఖ్య! గ్రాఫ్ ఒక గడి పైకి జరిగి (0, 1) చుట్టూ తిరుగుతుంది.

ఇంకో మాట, సంఖ్యల్లో సరి కానిది బేసే. బహుపదుల్లో అలా కాదు, మీ x² − 2x + 1 సరీ కాదు, బేసీ కాదు. 3 ని 5 తో గుణిస్తే 15, బేసే. కానీ x ని x³ తో గుణిస్తే x⁴, సరి. గుణకారంలో ఘాతాలు కూడుకుంటాయి, రెండు బేసులు కలిస్తే సరి. ‘సరి’ అన్న మాట ఘాతాన్ని గురించే అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. మీ అబ్బాయి కన్నడ స్నేహితులు సమ, బెస అంటారు, వాళ్ళకీ ఇదే లెక్క.

సౌష్ఠవమే ఒప్పు. సుష్ఠు నుంచి వచ్చింది, ఠకు వత్తు పలకాలి.