రాళ్ల నెక్లెస్ బిల్లు: తరుగు ఏ బరువు మీద?

"అబిడ్స్‌లో నెక్లెస్ చూశాం. 20 గ్రాములు, 22 క్యారెట్లు, గ్రాము 10,000, తరుగు 10 శాతం అన్నారు. బిల్లు ఎంతవ్వాలి?"

అక్కా, ముందు ఆ 20 గ్రాముల్లో రాళ్లెంతో అడగండి. ట్యాగ్ మీద రాళ్లతో కలిపి గ్రాస్, రాళ్లు తీసేసి నెట్ అని రెండు బరువులుంటాయి. రాళ్లు 2 గ్రాములనుకుంటే బంగారం 18 గ్రాములే, అంటే 1,80,000. తరుగు ఆ 18 మీదే: 1.8 గ్రాములు, 18,000. రాళ్ల ధర విడిగా, 2,000 అనుకుందాం. మొత్తం 2,00,000; దానిమీద జీఎస్‌టీ 3 శాతం, 6,000. చెల్లించేది 2,06,000. హాల్‌మార్క్ ఫీజు నగకు 45 రూపాయలు, దానిపై పన్ను, అంతే.

మా చెల్లి నగకు ఒక షాపులో గ్రాస్ మీదే లెక్కకట్టారు. మీ నగకూ అలాగే కడితే 22 గ్రాముల రేటు పడుతుంది; రాళ్ల ధర కూడా విడిగా వేస్తే, పన్నుతో కలిపి 22,660 ఎక్కువ. రాళ్లకు బంగారం రేటు కట్టడమే కాక, వాటికీ తరుగు వేసినట్టు!

తరుగు కాక మజూరీ అని మరో వరుస కనిపిస్తే అదెందుకో అడగండి. చాలా షాపుల్లో తరుగులోనే పనికూలి కలిసి ఉంటుంది. బేరం ఆడాల్సింది కూడా ఈ శాతం దగ్గరే, గ్రాము రేటు దగ్గర కాదు.