ఎగ్జిట్ పోల్స్ మీద ప్రశ్న అడిగితే అంకెలు ఇచ్చి అడగండి

ప్రశ్న: "పదో తరగతి సివిక్స్ టెస్టుకి ఒపీనియన్ పోల్స్, ఎగ్జిట్ పోల్స్ మీద ప్రశ్నలు తయారు చేయాలి. అవి ఎందుకు తప్పుతాయో పిల్లలకి నిజంగా అర్థమైందో లేదో తెలిసేలా ఎలా అడగాలి? మాది కందుకూరు దగ్గర ఊరు."

"ఎందుకు తప్పుతాయి? వివరించండి" అని మాత్రం అడక్కండి. అందరూ రెండే రాస్తారు: శాంపిల్ చిన్నది, సర్వే వాళ్లు అమ్ముడుపోయారు. గైడుల్లో ఉండేదీ ఇంతే, బెట్టింగ్ కట్టి పోగొట్టుకున్నవాళ్లు టీకొట్టు దగ్గర చెప్పేదీ ఇంతే. ఆ రెండు జవాబులకీ మార్కులు రాని ప్రశ్న కావాలి.

ఇలా అడగండి. ఒక బూత్ బయట సర్వే మనిషి నిలబడి ఓటేసి వచ్చేవాళ్లలో ప్రతి పదో మనిషినీ అడిగాడు. మొత్తం 100 మందిని ఆపాడు. నిజానికి వాళ్లలో 50 మంది 'క' పార్టీకి, 50 మంది 'గ' పార్టీకి వేశారు. 'క' వాళ్లలో 40 మంది జవాబు చెప్పారు, 'గ' వాళ్లలో 30 మందే చెప్పారు, మిగిలినవాళ్లు తల తిప్పుకుని వెళ్లిపోయారు. సర్వేలో ఎవరికెంత శాతం వస్తుంది? 10,000 మందిని ఆపినా ఇదే తీరున చెప్తే తప్పు తగ్గుతుందా?

చెప్పినవాళ్లు 70 మంది, అందులో 40 అంటే 57 శాతం. సమానంగా ఉన్న బూత్‌లో 14 పాయింట్ల ఆధిక్యం పుట్టుకొచ్చింది. ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ డబ్బు తీసుకోలేదు. పదివేల మందిని ఆపితే 7,000 జవాబుల్లో 4,000, మళ్లీ అదే 57. శాంపిల్ పెంచితే తగ్గేది యాదృచ్ఛికంగా వచ్చే తేడా మాత్రమే, ఒకవైపు వాళ్లు నోరు విప్పకపోవడం వల్ల వచ్చే తప్పు కాదు.

దీని కిందే ఇంకో చిన్న ప్రశ్న: 'గ' వాళ్లు ఎందుకు చెప్పి ఉండరు? ఇక్కడ పిల్లలు దంచేస్తారు. బూత్ దగ్గర్లో ఎవరెవరు కుర్చీలేసుకుని కూర్చుంటారో మన పల్లెటూళ్లలో వాళ్లకి చెప్పక్కర్లేదు. కొన్ని సర్వేలు పోలింగ్ అయ్యాక ఓటరు జాబితాలోంచి పేర్లు ఎంచుకుని ఇళ్లకి వెళ్లి, చీటీ మడిచి డబ్బాలో వేయమనేది ఈ భయం పోగొట్టడానికే.

రెండో ప్రశ్న ఓట్లని సీట్లుగా మార్చడం మీద ఉండాలి. టీవీల్లో ఎక్కువగా బోల్తా కొట్టేది ఇక్కడే. ఐదు నియోజకవర్గాలు, ఒక్కోదాంట్లో 100 ఓట్లు, రెండే పార్టీలు అనుకోండి. ఒక సందర్భంలో 'క' పార్టీకి ఐదింటిలోనూ 48 చొప్పున వచ్చాయి. ఇంకో సందర్భంలో 60, 60, 60, 30, 30 వచ్చాయి. కూడితే రెండుసార్లూ 240, అంటే 48 శాతమే. మొదటిసారి సున్నా సీట్లు, రెండోసారి మూడు. ఇప్పుడు మెలిక పెట్టండి: వెయ్యి మందితో చేసిన సర్వేలో మూడు శాతం అటూ ఇటూ మామూలే. మొదటి సందర్భంలో 48 కాస్తా అన్నిచోట్లా 51 అయితే? ఐదుకి ఐదూ వచ్చేస్తాయి.

ఇది లెక్కల మాస్టారి కల్పన కాదని చూపించాలంటే మన అసెంబ్లీ ఫలితాలు చాలు. 2019లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కి 39.37 శాతం ఓట్లు, 11 సీట్లు. ఓట్ల శాతం కాస్త ఎక్కువే, సీట్లు సగం కూడా లేవు. 2019లో గెలిచిన పార్టీతో తేడా 11 పాయింట్ల లోపు. 2024లో అవతల మూడు పార్టీలు కలిసి నిలబడి 55 శాతం తెచ్చుకోవడంతో తేడా 16 దాకా పోయింది. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో పదికి పది 2019లో ఒకవైపు, 2024లో రెండోవైపు. ఓట్ల శాతం ఇంచుమించు సరిగ్గా పట్టుకున్న సర్వే కూడా సీట్ల దగ్గర చతికిలపడొచ్చు.

చట్టం మీద ఒక ప్రశ్న చాలు, అదీ సెక్షన్ నంబరు బట్టీ పట్టించేది కాకుండా: ఆంధ్రలో పోలింగ్ 2024 మే 13న అయిపోతే ఎగ్జిట్ పోల్స్ జూన్ 1 సాయంత్రం దాకా ఎందుకు ఆగాయి? లోక్‌సభ చివరి విడత పోలింగ్ ఆరోజే. అది ముగిసిన అరగంట దాకా నిషేధం, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఎ ప్రకారం. కొన్ని బిట్ పేపర్ల కీలో ఒపీనియన్ పోల్స్‌కి కూడా ఇదే నిషేధం అని ఉంటుంది, అది తప్పు. వాటికి ఆ ప్రాంతంలో పోలింగ్ ముగిసే ముందు 48 గంటలే.

లెక్క ప్రశ్నల్లో పార్టీల అసలు పేర్లు పెట్టకండి. ఇంటి మీద జెండా ఉన్న పిల్లలు లెక్క వదిలేసి వాదన రాస్తారు. ఆ ఫలితాల అంకెలు క్లాసులో చెప్పండి, పేపర్లో 'క', 'గ' చాలు. దిద్దేటప్పుడు 57 రాబట్టినందుకు ఒక మార్కు, శాంపిల్ పెంచినా తగ్గదని కారణంతో రాసినందుకు రెండు ఇవ్వండి.