హైదరాబాదు నుంచి వచ్చిన ఫొటోల కట్ట: ఏది ఇన్వాయిస్, ఏది రసీదు?

డాలస్‌కు కొత్తగా వచ్చిన ఒక సోదరుడు అడిగిన సందేహం ఇది. నిజాంపేటలోని ఆయన ఫ్లాటులో ఇంటీరియర్ పని జరిగింది. దగ్గరుండి చూసుకున్న నాన్నగారు ఆ పనికి సంబంధించిన కాగితాలన్నిటినీ ఫోనుతో ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపించారు. కాంట్రాక్టరు తనకు ఇంకా 2,90,000 రూపాయలు రావాలంటున్నాడు. ఫొటోల్లో కనిపించిన మొత్తాలన్నీ కూడితే మాత్రం పది లక్షలు దాటుతోంది. అసలు ఎంత ఖర్చయింది, ఎంత బాకీ ఉంది, ఏ కాగితాన్ని ఏ లెక్కలో వేయాలి అన్నది ఆయన ప్రశ్న.

ముందుగా ఒక పని చేయండి. ఫొటోలోని అంకెను చూడడానికి ముందు, ఆ కాగితాన్ని ఎవరు ఎవరికి రాసి ఇచ్చారో, అది ఏ సంగతిని చెబుతోందో చూడండి. ఇన్వాయిస్‌ను అమ్మిన వ్యక్తి కొన్న వ్యక్తికి ఇస్తాడు. ఫలానా పని చేశాను, దానికి ఇంత సొమ్ము నాకు రావాలి అని అది చెబుతుంది, డబ్బు ముట్టిందని చెప్పదు. రసీదును కూడా అతడే ఇస్తాడు గానీ, అది ఫలానా తేదీన ఇంత సొమ్ము నాకు ముట్టింది అని చెబుతుంది. స్టేట్‌మెంట్ కొత్త సంగతేదీ చెప్పదు. ఒక తేదీ నుంచి మరో తేదీ వరకు ఇద్దరి మధ్య జరిగినవాటిని వరుసగా పేర్చి, చివర మిగిలిన బాకీని చూపుతుంది. ఇక వోచర్, సాధారణ వాడుకలో, డబ్బు ఇచ్చినవారు తమ లెక్క కోసం తామే రాసుకుని, పుచ్చుకున్నవారి చేత సంతకం పెట్టించుకునే కాగితం. కాబట్టి ఒకే సొమ్ము ఒక ఫొటోలో ఇవ్వవలసినదిగా, మరొకదానిలో ఇచ్చినదిగా, ఇలా నాలుగు ఫొటోల్లో నాలుగు వేషాల్లో కనిపించవచ్చు. మీ మొత్తం పది లక్షలు దాటడానికి కారణం ఇదే.

కాగితం పైన అచ్చువేసిన శీర్షికను గుడ్డిగా నమ్మకండి. మన దగ్గర చిన్న దుకాణాల్లో ఒకే బిల్లు పుస్తకాన్ని అన్నిటికీ వాడేస్తారు. ‘క్యాష్ బిల్’ అని ఉన్న కాగితం మీద బాకీ రాసి ఇచ్చిన సందర్భాలు కోకొల్లలు. పన్ను ఇన్వాయిస్ అయితే అమ్మకందారు జీఎస్టీ నంబరు ఉండాలి. ఆ నంబరులో పదిహేను అక్షరాలు, అంకెలు ఉంటాయి. తెలంగాణలో నమోదైన వ్యాపారి అయితే అది 36తో మొదలవుతుంది. ఇన్వాయిస్‌కు వరుస సంఖ్య, తేదీ, పన్నుకు ముందు విలువ, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ విడివిడిగా కనిపించాలి. ఇవేవీ లేకుండా ‘కొటేషన్’, ‘ఎస్టిమేట్’, ‘ప్రొఫార్మా’ అని ఉన్న కాగితాలను మొదటే పక్కన పెట్టేయండి, ఎందుకంటే అవి బాకీనీ చెప్పవు, చెల్లింపునూ చెప్పవు. ఒకే ఇన్వాయిస్ నంబరుతో రెండు ఫొటోలు వస్తే రెండు బిల్లులనుకోకండి. సేవలకు ఇచ్చే ఇన్వాయిస్‌ను రెండు ప్రతులుగా, సరుకులకు ఇచ్చేదాన్ని మూడు ప్రతులుగా తయారు చేయాలని నిబంధన. ‘ఒరిజినల్ ఫర్ రెసిపియెంట్’ అని ఉన్నది మీ ప్రతి. అయితే ఈ వరుస సంఖ్య ఒక ఆర్థిక సంవత్సరంలో మాత్రమే మళ్లీ రాకూడదు గనుక, నంబరుతో పాటు తేదీని కూడా కలిపి పోల్చాలి.

మీ కట్టలో కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టేది ‘రిసీట్ వోచర్’. పేరులో వోచర్ ఉంది కాబట్టి అది నాన్నగారు రాసిన కాగితం అనుకుంటారు. నిజానికి జీఎస్టీ చట్టం ప్రకారం, పని చేయడానికి ముందు అడ్వాన్సు పుచ్చుకున్న వ్యాపారి ఇవ్వవలసిన పత్రం అది. అంటే మన లెక్కకు అది రసీదే. అడ్వాన్సు తీసుకుని పని చేయక, ఇన్వాయిస్ కూడా ఇవ్వక డబ్బు తిరిగి ఇచ్చేస్తే, అప్పుడు అదే వ్యాపారి ‘రీఫండ్ వోచర్’ ఇవ్వాలి. అలాంటిది కట్టలో ఉంటే ఆ అడ్వాన్సును చెల్లించినట్టు లెక్కించకూడదు.

ఇప్పుడు మీ కాగితాలనే తీసుకుందాం. 12-11-2024 నాటి రిసీట్ వోచర్ 2,00,000 రూపాయల అడ్వాన్సుకు సంబంధించినది. 10-01-2025 నాటి ఇన్వాయిస్‌లో పని విలువ 5,00,000, సీజీఎస్టీ తొమ్మిది శాతం 45,000, ఎస్‌జీఎస్టీ తొమ్మిది శాతం 45,000, మొత్తం 5,90,000. ఆ తరువాత 05-02-2025 తేదీతో చెక్కు ద్వారా అందిన 1,50,000కు ఒక రసీదు, 18-03-2025 తేదీతో బ్యాంకు బదిలీ ద్వారా అందిన 1,00,000కు మరొక రసీదు ఉన్నాయి. ఇన్వాయిస్‌నూ, ఈ మూడు చెల్లింపులనూ కలిపి కూడితే 10,40,000 వస్తుంది. ఆ అంకెకు అర్థమేమీ లేదు, ఎందుకంటే అది ఇవ్వవలసినదాన్నీ ఇచ్చినదాన్నీ ఒకే గంపలో పోయడం. ఇవ్వవలసినది 5,90,000. ఇచ్చినది రెండు లక్షలు, లక్షన్నర, లక్ష కలిపి 4,50,000. ఈ కాగితాల ప్రకారం బాకీ 1,40,000 మాత్రమే ఉండాలి.

మరి కాంట్రాక్టరు చెబుతున్న 2,90,000 ఎక్కడిది? అతడు పంపిన స్టేట్‌మెంట్ 01-01-2025 నుంచి 31-03-2025 వరకు ఉంది. దానిలో మొదటి వరుస తొలి నిల్వ, అంటే అప్పటికే మీ పేర ఉన్న జమ 2,00,000. నవంబరులో ఇచ్చిన అడ్వాన్సు ఇదే. స్టేట్‌మెంట్ జనవరిలో మొదలైంది కాబట్టి అది విడి చెల్లింపుగా కాకుండా తొలి నిల్వగా వచ్చింది. దీన్ని వేరే రెండు లక్షలుగా భావించి, దానికి రసీదు ఏదని నాన్నగారిని వెతికించనక్కరలేదు. తరువాత ఇన్వాయిస్ 5,90,000 మీ బాకీగా, మార్చిలో ఇచ్చిన 1,00,000 జమగా ఉన్నాయి. చివర బాకీ 2,90,000. ఇతర అంకెలన్నీ సరిపోతున్నాయి గానీ, చెక్కు ద్వారా ఇచ్చిన 1,50,000 ఎక్కడా కనిపించదు.

‘ఆ చెక్కు మే నెలలో ఇచ్చాం కదా, మార్చి స్టేట్‌మెంట్‌లో ఎలా వస్తుంది’ అని మీరు రాశారు. అమెరికా వచ్చిన కొద్ది నెలల్లోనే కళ్లు ఇక్కడి పద్ధతికి అలవాటు పడిపోతాయి. ఇక్కడ నెల ముందు, రోజు తరువాత. హైదరాబాదు రసీదు మీద 05-02-2025 అంటే ఫిబ్రవరి 5. అందువల్ల ఆ చెల్లింపు స్టేట్‌మెంట్ కాలం లోపలిదే, తప్పనిసరిగా దానిలో ఉండవలసినదే. 18-03-2025 లాంటి తేదీ చదివేటప్పుడు ఎవరూ పొరబడరు, పద్దెనిమిదో నెల లేదు కాబట్టి. పన్నెండు లోపు రోజులున్న తేదీలతోనే ప్రమాదం. అందుకే ప్రతి ఫొటోకు పేరు మార్చి సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో తేదీ పెట్టుకోమని నేను గట్టిగా చెబుతాను. ఉదాహరణకు:

```
2025-01-10_invoice_590000.jpg
2025-02-05_receipt_150000.jpg
```

ఇలా పెడితే ఫోల్డరులో ఫొటోలు వాటంతటవే తేదీ వరుసలో నిలుస్తాయి. వాట్సాప్ పెట్టే `IMG-20250602-WA0012.jpg` వంటి పేరులోని తేదీకి కాగితం తేదీతో సంబంధం లేదు. దాన్ని బట్టి సర్దకండి.

అయినా కాంట్రాక్టరుకు వెంటనే ఫోన్ చేసి నిలదీయవద్దు, మరొక కాగితం చూడవలసి ఉంది. ఆ రసీదు ఫొటోను పెద్దది చేసి చూస్తే కింద చిన్న అక్షరాల్లో, చెక్కు క్లియరైతేనే ఈ రసీదు చెల్లుతుందని అచ్చువేసి ఉంది. చెక్కు పుచ్చుకుని ఇచ్చే రసీదులకు ఇది మామూలే. కాబట్టి రసీదు ఒక్కటే డబ్బు చేరిందని రుజువు చేయదు. చెక్కు తిరిగి వచ్చి ఉంటే కాంట్రాక్టరు మాటే నిజమవుతుంది. దీన్ని తేల్చేది మీ బ్యాంకు స్టేట్‌మెంట్. మీరు పంపిన ఫిబ్రవరి పేజీలో అదే చెక్కు నంబరుతో 1,50,000 మీ ఖాతా నుంచి పోయినట్టు ఉంది, ఆ తరువాత తిరిగి జమ అయినట్టు లేదు. చెక్కు చెల్లింది, కాంట్రాక్టరు తన ఖాతా పుస్తకంలో ఎక్కించుకోలేదు. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి: బ్యాంకు స్టేట్‌మెంట్‌లో డెబిట్ అంటే మీ డబ్బు వెళ్లిందని, కాంట్రాక్టరు స్టేట్‌మెంట్‌లో డెబిట్ అంటే మీరు ఇవ్వాలని. ఎవరి పుస్తకమో చూసుకోకుండా ఆ పదాన్ని చదివితే లెక్క తలకిందులవుతుంది.

మిగిలింది నాన్నగారు రాసిన వోచర్. పెయింటింగ్ మేస్త్రీకి విడిగా ఇచ్చిన 24,000 రూపాయల నగదుకు, స్టేషనరీ దుకాణంలో దొరికే వోచర్ పుస్తకంలోంచి ఒక కాగితం రాసి, రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద మేస్త్రీ చేత సంతకం చేయించారు. పాతకాలపు లెక్క తెలిసిన మనిషి పని అది. 5,000 రూపాయలు దాటిన నగదుకు ముట్టినట్టు సంతకం చేస్తే ఆ స్టాంపు ఉండాలి. బిల్లు పుస్తకం లేని మేస్త్రీ దగ్గర ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు. అయితే సంతకం లేని వోచర్ మీరు రాసుకున్న చీటీ మాత్రమే. ఎదుటివారి సంతకం, ఏ పనికో వివరం, తేదీ ఉంటేనే దానికి బలం. ఈ 24,000 ఇన్వాయిస్‌లోని పని కాదు గనుక కాంట్రాక్టరు లెక్కలో కలపకండి. మీ ఇంటి మొత్తం ఖర్చులో మాత్రం కలుస్తుంది: ఇప్పటిదాకా ఇచ్చినది 4,74,000, బాకీ కూడా తీరితే 6,14,000. యూపీఐ స్క్రీన్‌షాట్లు ఈ నాలుగింటిలో దేనికీ చెందవు. డబ్బు వెళ్లిందని చెబుతాయి గానీ దేనికోసమో చాలాసార్లు చెప్పవు, కాబట్టి సంబంధించిన ఇన్వాయిస్ లేదా వోచర్ పక్కన జత చేసి ఉంచండి. తిరుపతి గది బుకింగ్ వోచర్ ఒకటి కట్టలోకి ఎలాగో వచ్చింది. అది గది ఇవ్వమనే హక్కు పత్రం, ఈ లెక్కతో దానికి పనిలేదు.

ఫొటోల విషయంలో నాన్నగారికి రెండు మాటలు చెప్పండి. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే చిన్న అక్షరాలు చెదిరిపోవు. ఆ రసీదు కింది షరతు కనిపించింది అదృష్టం వల్లనే. స్టేట్‌మెంట్ అయితే అన్ని పేజీలూ, రసీదు అయితే వెనకవైపు కూడా తీయమనండి, చెక్కు నంబరు అక్కడ రాసే అలవాటు చాలామందికి ఉంది. వేడికి అక్షరాలు మాసిపోయే స్వైప్ మెషీన్ స్లిప్పులను మాత్రం ఈరోజే తీయించండి.

కాంట్రాక్టరుకు ఫిబ్రవరి 5 నాటి రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని ఆ పేజీ, రెంటినీ కలిపి పంపండి. ఆ చెల్లింపును జమ చేసి 1,40,000 బాకీ చూపే స్టేట్‌మెంట్ ఇవ్వమని అడగండి. బ్యాంకు పేజీలో ఆ ఒక్క వరుస తప్ప మిగతా వివరాలు, ఖాతా నంబరు కనబడకుండా కప్పి పంపండి. సవరించిన స్టేట్‌మెంట్ చేతికి వచ్చాక, ఇన్వాయిస్ నంబరు రాసి మిగతా సొమ్ము బదిలీ చేసి, దానికి కూడా రసీదు తీసుకోండి.